ఉచితంగా దొరికిన ఎర్తుగ్రుల్

గత షాబాన్ మాసంలో ఒకనాడు పాఠం ముగిసిన తరువాత పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు తక్కిన పిల్లలతో పాటు లేవక అలాగే కూర్చుండిపోయాడు. దగ్గరకు పిలిచి అడిగితే, “హజ్రత్! అమ్మీ ఫోన్‌లో నుంచి డబ్బులు పోయాయి. అబ్బాకు చెప్పడానికి భయంగా ఉంది” అన్నాడు. వాడి తల్లి బట్టలు కుట్టి కూడబెట్టిన 18,400 రూపాయలు రెండు దఫాలుగా పోయాయి. అది జరిగి అప్పటికే మూడు రోజులు.

కారణం ఎర్తుగ్రుల్ ధారావాహిక. తుర్కియే ప్రభుత్వ ప్రసార సంస్థ టి.ఆర్.టి. 2014 నుంచి 2019 వరకు ఐదు సీజన్లుగా, 150 భాగాలుగా దీనిని ప్రసారం చేసింది. 2020 రమజాన్‌లో పాకిస్తాన్ ప్రభుత్వ టెలివిజన్ ఉర్దూ అనువాదాన్ని ప్రారంభించి యూట్యూబ్‌లో కూడా ఉంచడంతో అది మన ఇళ్ళలోకీ వచ్చింది. ఇలాంటి ధారావాహికలు చూడదగినవా కావా అన్నది వేరే చర్చ. చూస్తున్న ఇళ్ళు అనేకం ఉన్నాయన్నది వాస్తవం. 2025 నుంచి పాకిస్తాన్ చానెళ్ళు అనేకం మన దేశంలో తెరుచుకోవడం లేదు. సగంలో ఆగిన కథ కోసం వెదికేవారికి “అన్ని భాగాలు, ఉర్దూలో, ఉచితం” అనే లింకులు ఎదురవుతున్నాయి. దాదీ అడిగిందని ఈ బాలుడు బంధువుల గ్రూపులో వచ్చిన అటువంటి లింకునే తెరిచాడు.

ఆ తరువాత జరిగింది వాడి మాటల్లోనే విని, క్రమంగా రాసుకున్నాను. వీడియో బొమ్మ మీద నొక్కగానే మరో పేజీ తెరుచుకుంది. అది పందేల ఆట ప్రకటన. మూసి మళ్ళీ నొక్కితే మరొకటి. ఆ బొమ్మ మీద కంటికి కనిపించని పొర ఒకటి పరచి ఉంటుంది. మనం నొక్కేది వీడియోను కాదు, ఆ పొరను. ప్రతి నొక్కుకు సైటు యజమానికి ప్రకటనదారు డబ్బు చెల్లిస్తాడు. మనకు “ఉచితం” అన్న వస్తువుకు వెల ఆ రూపంలో ముడుతోంది. ఆ ప్రకటనల్లో జూదానిదే పెద్ద పాలు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే తెలుగు సినిమాల సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్‌లో అరెస్టు చేసినప్పుడు, ప్రేక్షకులను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్ళించేవారని పోలీసులు చెప్పిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

నాలుగోసారి “ఈ వీడియో చూడాలంటే మా ప్లేయర్‌ను అప్‌డేట్ చేసుకోండి” అన్న పలక వచ్చింది. నొక్కగానే .apk తో ముగిసే ఫైలు ఒకటి ఫోన్‌లోకి దిగింది. తెలియని చోటు నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ హెచ్చరించినా బాలుడు అనుమతి ఇచ్చాడు. ఆ యాప్ వరుసగా రెండు అనుమతులు కోరింది. ఒకటి ఎస్.ఎం.ఎస్.లు చదవడానికి, మరొకటి “యాక్సెసిబిలిటీ” అనే సదుపాయానికి. వాటికీ సరేనన్నాడు. వీడియో నిజంగానే ఆడింది. దాదీ, మనవడు గంటసేపు చూశారు కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక్క విషయం ప్రతి ఇంటివారూ గ్రహించాలి. బ్యాంకు పంపే ఓటీపీ వచ్చేది ఎస్.ఎం.ఎస్. రూపంలో. దానిని చదివే అనుమతి ఉన్నవాడికి ఆ సంఖ్య మనకంటే ముందే తెలుస్తుంది. ఇక యాక్సెసిబిలిటీ చూపు తక్కువైన వారి కోసం ఏర్పరచిన సదుపాయం. తెర మీద ఉన్నదానిని చదవడం, మన బదులు నొక్కడం దాని పని. అది దుర్మార్గుడి చేతికి చిక్కితే మన వేలు వాడి చేతికి ఇచ్చినట్లే. వీడియో చూపించే యాప్‌కు ఈ రెండింటితో ఏ అవసరమూ లేదు. అడిగిందంటే అది ప్లేయర్ కాదని అక్కడే తెలుసుకోవాలి.

జరగకూడనిది జరిగితే వెంటనే ఫోన్‌లో ఇంటర్నెట్‌ను ఆపివేయాలి. వేరొక ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను నిలుపుదల చేయించాలి. 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. పోయిన సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు గంటల్లోనే దాటిపోతుంది. అది ఎక్కడో ఒకచోట నిలిచి ఉండగా ఫిర్యాదు చేరితేనే స్తంభింపజేయగలరు. ఆ తరువాత యాక్సెసిబిలిటీ అనుమతి తీసివేసి ఆ యాప్‌ను తొలగించాలి. తొలగకపోతే, అవసరమైన ఫోటోలు భద్రపరచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఈ ఇంట్లో మూడు రోజులు గడిచిపోయాయి, సొమ్ము తిరిగి రాలేదు. తండ్రి కోపానికి వెరచి పిల్లవాడు దాచాడు. దొంగకు ఆ మూడు రోజులను ఇచ్చింది ఆ భయమే. ఆ తండ్రితో నేను మాట్లాడినప్పుడు చెప్పింది కూడా ఇదే: పిల్లవాడు తప్పు చేసిన గంటలోనే మన దగ్గరకు రాగలిగేలా ఇంటి వాతావరణం ఉండాలి.

“పెద్ద సంస్థల సరుకే కదా, ఉచితంగా చూస్తే పాపమేమిటి?” అని అడిగేవారున్నారు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, రచన, ఆవిష్కరణ వంటివాటి మీది హక్కులను షరీఅత్ రక్షించే ఆస్తి హక్కులుగా గుర్తించి, వాటిని అతిక్రమించరాదని తీర్మానించింది. దొంగ ప్రతిని చూడడమంటే ఒకరి హక్కును తీసుకుని, ఆ లాభాన్ని జూదం ప్రకటనలవాడికి చేర్చడం.

మరి సక్రమమైన దారి ఏది? ఎర్తుగ్రుల్ విషయంలో అది దాదాపు ఉచితమే. టి.ఆర్.టి. తన అధికారిక యూట్యూబ్ చానెల్ Diriliş Ertuğrul లో పూర్తి భాగాలను తుర్కీ భాషలో ఉంచింది. పేరు ఒకటే అయినా నకిలీ చానెళ్ళు ఉంటాయి. కాబట్టి పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో, భాగాలన్నీ వరుసగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వీడియో కింద CC గుర్తు ఉంటే నొక్కి, సెట్టింగులలో ‘ఆటో ట్రాన్స్‌లేట్’ ఎంచుకుంటే ఉర్దూలోగాని తెలుగులోగాని అక్షరాలు వస్తాయి. యంత్రం చేసిన అనువాదం గనుక పేర్లు, సామెతలు తారుమారవుతాయి. కథ మాత్రం అర్థమవుతుంది. చదవలేని దాదీ పక్కన ఆ బాలుడే ఇప్పుడు చదివి వినిపిస్తున్నాడు.

ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఒక్కో భాగం సుమారు రెండు గంటలు. 480p నాణ్యతలో గంటకు రమారమి అర జీబీ పడుతుంది కాబట్టి ఒక భాగానికి ఒక జీబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జిలోనే అది ఇమిడిపోతుంది. వారానికి రెండు భాగాల చొప్పున చూసినా 150 భాగాలకు ఏడాదిన్నర పడుతుంది. కొత్త చందా ఏదీ అక్కరలేదు.

టి.ఆర్.టి.కి tabii అనే సొంత యాప్ కూడా ఉంది. కావాలనుకుంటే ప్లే స్టోర్ నుంచి మాత్రమే దింపుకుని, మన దేశంలో ఏయే భాషలు, ఎంత వెల అన్నది చెల్లించే ముందే చూసుకోవాలి. ఏ చందా అయినా ఒక నెలకే తీసుకుని, తీసుకున్న రోజే యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ తెరిచి దానిని రద్దు చేయాలి. సాధారణంగా నెల ముగిసేవరకు చూడవచ్చు, మరుసటి నెల డబ్బు మాత్రం కోత పడదు. ఇతర సినిమాలు, ధారావాహికలు మన దేశంలో ఎక్కడ చట్టబద్ధంగా ఉన్నాయో justwatch.com లో పేరు కొట్టి తెలుసుకోవచ్చు. అది వీడియోలు చూపించదు, ఎక్కడ దొరుకుతాయో మాత్రమే చెబుతుంది.

ఎక్కడా దొరకకపోతే? అప్పుడు చూడకుండా ఉండడమే. ఆ కథ తెలియనందువల్ల ఏ ఇంటికీ నష్టం వాటిల్లదు. ఆ తల్లి మాత్రం పోయిన సొమ్ము కోసం ఈ రంజాన్ నెలంతా తరావీహ్ తరువాత కూడా కుట్టు మిషను ముందు కూర్చుంది.