ధరణి చేతులు మారిన నెల: కాంట్రాక్టు ముగిస్తే మన భూమి లెక్క ఎలా తిరిగి వస్తుంది?

తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. దాని సాఫ్ట్‌వేర్ నడిపిన పని ఒక ప్రైవేట్ కంపెనీది. మొదట ఆ కంపెనీ పేరు ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ టెక్నాలజీస్. మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయాక యాజమాన్యం మారింది, పేరు టెర్రాసిస్ అయింది. 2024 అక్టోబర్‌లో ఆ కాంట్రాక్టు గడువు తీరే సమయానికి, పోర్టల్ నిర్వహణను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అప్పగింతకు నవంబర్ నెలాఖరు వరకు, అంటే దాదాపు ఒక నెల టైమ్ పెట్టారు. తర్వాత 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

రాజకీయంగా ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అనే చర్చ చాలా జరిగింది. కానీ ఆ ఒక్క నెలలో అసలు ఏం జరగాలి అనేది ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎన్ఐసీతో ఒప్పందం కూడా కాలపరిమితి ఉన్నదే. రేపు ఇంకో మార్పు రావచ్చు. రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, ఆస్పత్రి రికార్డు లాంటివి కూడా ఎక్కడో ఒక ఏజెన్సీ చేతిలో ఉండేవే. అందుకే ఈ అప్పగింత లోపల ఎలా నడుస్తుందో ఒకసారి చూద్దాం.

తెలివి కూడా అప్పజెప్పాలి

సర్వర్లు, డేటా ఇచ్చేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు కష్టం అక్కడ లేదు. నాలుగేళ్లు నడిచిన సాఫ్ట్‌వేర్‌లో కాగితం మీద ఎక్కని విషయాలు బోలెడు ఉంటాయి. ఫలానా జీవో వచ్చినప్పుడు ఫలానా రూల్ మార్చారు. ఫలానా జిల్లాలో సర్వే నంబర్లు తేడాగా ఉంటే దానికి విడిగా ఒక ఏర్పాటు చేశారు. చలానా కట్టినా స్లాట్ బుక్ కాకపోతే లోపలి నుంచి ఎలా సరిచేయాలో ఒకరిద్దరు ఇంజినీర్లకే తెలుసు. ఆ ఇద్దరూ వెళ్లిపోతే ఆ తెలివి కూడా వాళ్లతోనే పోతుంది.

అందుకని ఈ పనిని మూడు దశల్లో చేస్తారు. మొదట పాత టీమ్ కూర్చోబెట్టి చెబుతుంది, రాసి ఇస్తుంది. రెండో దశలో పాతవాళ్లు పని చేస్తుంటే కొత్తవాళ్లు పక్కన కూర్చుని చూస్తారు. మూడో దశలో కొత్తవాళ్లు చేస్తుంటే పాతవాళ్లు చూస్తారు, తప్పు పోతే దిద్దుతారు. ఈ మూడోదే అసలు పరీక్ష. టైమ్ తక్కువైతే మొదట కోత పడేది కూడా దీనికే. మొదటి దశకే మూడు వారాలు పట్టిందనుకోండి, చివరి వారంలో సంతకాలు తప్ప ఇంకేమీ జరగదు.

తెలివి నిజంగా చేతులు మారిందా లేదా అనేది ఎలా తెలుస్తుంది? ఎన్ని మీటింగులు జరిగాయని లెక్కపెడితే తెలియదు. కొత్త టీమ్ పాతవాళ్ల సాయం లేకుండా ఖాళీ సర్వర్ మీద మొత్తం పోర్టల్‌ను మళ్లీ నిలబెట్టి, ఒక రిజిస్ట్రేషన్‌ను మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించాలి. అది చేయగలిగితే అప్పగింత అయినట్టు. చేయలేకపోతే, ఎన్ని ఫైళ్లు చేతికొచ్చినా కాలేదన్నట్టే.

డేటా తిరిగి ఇవ్వడానికి ఒక క్రమం ఉంటుంది

కోట్ల రికార్డులను చివరి రోజు రాత్రి ఒకేసారి కాపీ చేసి ఇవ్వరు. ముందుగా ఒక ట్రయల్ కాపీ ఇస్తారు. కొత్తవాళ్లు దాన్ని తమ సిస్టమ్‌లో ఎక్కించి, తేలిన తప్పుల జాబితా రాస్తారు. వాటిని సరిచేశాక పూర్తి కాపీ వస్తుంది. ఆ తర్వాత ఒక రోజు పోర్టల్ ఆపేసి, పూర్తి కాపీ తీసినప్పటి నుంచి ఆ క్షణం దాకా జరిగిన మార్పులను మాత్రం పంపుతారు. రెండు వైపులా లెక్కలు సరిపోయాకే కొత్త పోర్టల్ తలుపు తెరవాలి.

లెక్క సరిపోవడం అంటే రికార్డుల సంఖ్య సమానంగా ఉండటం ఒక్కటే కాదు. దీనికి ఒక ఉదాహరణ చూడండి. ఇది ఊహించి చెబుతున్నదే. ధరణి బదిలీలో ఇలా జరిగిందని కాదు.

వికారాబాద్ వైపు ఒక కుటుంబానికి ఒక సర్వే నంబర్‌లో 2 ఎకరాల 15 గుంటలు, పక్క నంబర్‌లో 1 ఎకరం 30 గుంటలు ఉన్నాయనుకుందాం. మన పహాణీల్లో వీటిని 2.15, 1.30 అని రాస్తారు. చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. ఎకరానికి 40 గుంటలు. కాబట్టి 15, 30 కలిపితే 45 గుంటలు, అంటే ఒక ఎకరం 5 గుంటలు. మొత్తం 4 ఎకరాల 5 గుంటలు.

ఈ సంగతి చెప్పేవాళ్లు లేక, కొత్త సిస్టమ్ ఆ చుక్కను మామూలు దశాంశంగా తీసుకుందనుకోండి. 2.15 ఎకరాలంటే 2 ఎకరాల 6 గుంటలే అవుతుంది. 1.30 ఎకరాలంటే ఒక ఎకరం 12 గుంటలు. కలిపితే 3.45, అంటే 3 ఎకరాల 18 గుంటలు. చేను ఉన్నచోటే ఉంది, గట్టు కదలలేదు, కానీ కాగితం మీద 27 గుంటలు మాయం.

ఇక్కడ రికార్డుల సంఖ్య చూస్తే పాతదాంట్లో రెండు, కొత్తదాంట్లో రెండు. ఫైల్ కూడా చెడిపోలేదు. కంప్యూటర్ పరీక్షలన్నీ పాస్. తప్పు తెలియాలంటే గ్రామం మొత్తం విస్తీర్ణాన్ని గుంటల్లోకి మార్చి, పాత మొత్తంతో పోల్చాలి. చుక్క అర్థం ఏమిటో రాసి ఇచ్చే ఒక్క పేజీ, డేటా అంత విలువైనదని అందుకే అంటారు.

పేర్లతో కూడా ఇదే తంటా, ముఖ్యంగా మన ఇళ్లల్లో. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, ఇంకోదాంట్లో మహ్మద్, మూడోదాంట్లో ఎండీ. బేగం అని ఒకచోట, బీ అని ఒకచోట. పాత సిస్టమ్‌లో ఇవన్నీ ఒకే ఖాతా నంబర్ కింద ఉంటే ఇబ్బంది లేదు. కొత్త సిస్టమ్ ఖాతా నంబర్ బదులు పేరుతో జత కలిపితే ఒక మనిషి ముగ్గురవుతాడు, లేదా ముగ్గురు మహమ్మద్‌లు ఒక్కరైపోతారు. అందుకే జత కలిపేది దేనితో అని ముందే రాసుకోవాలి.

నడి దారిలో ఉన్న దరఖాస్తు, తాళం వేసిన భూమి

పూర్తయిన రికార్డులు తీసుకెళ్లడం సులువే. సగంలో ఉన్నవే కష్టం. తండ్రి చనిపోయాక విరాసత్ కోసం పెట్టిన దరఖాస్తు తహసీల్దార్ దగ్గర పెండింగ్‌లో ఉందనుకోండి. డబ్బు కట్టారు, బయోమెట్రిక్ కాలేదు. దీన్ని కొత్త సిస్టమ్‌లోకి ఏ దశలో తీసుకెళ్లాలి? అందుకు ఒప్పందంలో కటాఫ్ తేదీ ఉండాలి. ఆ తేదీలోపు వచ్చినవాటిని పాతవాళ్లే ముగించడమా, లేక చలానా వివరాలతో సహా కొత్తవాళ్లకు ఇవ్వడమా అనేది రాసి ఉండాలి. లేకపోతే ‘అది పాత పోర్టల్‌ది’ అని ఒకరు, ‘మా దగ్గర ఏమీ లేదు’ అని ఇంకొకరు అంటారు. తిరిగేది మాత్రం మనమే.

ఇంకోటి నిషేధిత జాబితా. వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములకు ధరణిలో రిజిస్ట్రేషన్ కాకుండా ఆటో లాక్ పెట్టారు. భూమి రికార్డు, దాని మీది తాళం కంప్యూటర్‌లో ఒకేచోట ఉండాలని లేదు. తాళాల జాబితా విడిగా ఉంటే, దాన్ని కూడా విడిగా తెచ్చి సరిచూడాలి. అది జారిపోతే మసీదు, కబ్రస్తాన్ భూమి కూడా మామూలు పట్టా భూమిలా కనపడుతుంది. అటు, తప్పుగా తాళం పడిందని తిరిగి తిరిగి తీయించుకున్న పట్టాదారు ఉంటాడు. పాత జాబితాను ఎక్కిస్తే అతని భూమికి మళ్లీ తాళం పడుతుంది. రెండూ నష్టమే.

వీటిని తర్వాత తేల్చాలంటే లాగ్ కావాలి. ఏ రికార్డును, ఏ లాగిన్ నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారు అనే చరిత్ర అది. అప్పగింతలో ఇప్పటి డేటా మాత్రమే ఇచ్చి లాగ్ ఇవ్వకపోతే, పాత తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

పాత చేతిలో ఏమీ మిగలకూడదు

అన్నీ తీసుకున్నాక చివరి మెట్టు పాత కంపెనీ దగ్గరున్న కాపీలను చెరిపేయడం. బ్యాకప్ టేపులు, టెస్టింగ్ కోసం తీసిన కాపీలు, ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు అన్నీ అందులోకి వస్తాయి. చెరిపినట్టు రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డులు అదే రోజు మార్చాలి. కానీ తొందరపడి ముందే చెరిపిస్తే, రెండు నెలల తర్వాత బయటపడే తప్పును సరిచూడటానికి అసలు దొరకదు. అందుకే ఒక కాపీని సీల్ చేసి ప్రభుత్వం తన దగ్గర కొంతకాలం ఉంచుకోవడం మంచి పద్ధతి.

ఇవన్నీ జరగాలంటే ప్రభుత్వం చేతిలో పట్టు ఉండాలి. వెళ్లిపోయే కంపెనీకి ఇక్కడ ఇక వచ్చేదేమీ లేదు. మంచి ఇంజినీర్లను ముందే వేరే పనికి పంపేస్తుంది. అందువల్ల చివరి బిల్లు, బ్యాంక్ గ్యారంటీ అప్పగింత పూర్తయ్యే దాకా ఆపగలిగేలా కాంట్రాక్టు మొదటి రోజే రాసుకోవాలి. గడువు తీరే నెలలో కూర్చుని అడిగితే పనికాదు.

మనం చేయగలిగింది

పోర్టల్ మారుతోందని వార్త వస్తే, మారకముందే పహాణీ, ఈసీ కాపీలు తీసి పెట్టుకోండి. పెండింగ్ దరఖాస్తు ఉంటే దాని నంబర్, చలానా రసీదు దాచండి. మారిన తర్వాత నాలుగు విషయాలు పోల్చండి: ఖాతా నంబర్, పేరు రాత, ఎకరాలు-గుంటలు, నిషేధిత జాబితాలో ఉందా లేదా. మసీదు కమిటీలు, ముతవల్లీలు వక్ఫ్ సర్వే నంబర్లు ఒక్కొక్కటీ ఆ జాబితాలో వెతికి చూడాలి. తేడా కనిపిస్తే పాత కాపీ జతచేసి తహసీల్దార్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అమ్మకం కుదిరిన రోజు చూసుకుందాంలే అని వదిలేస్తే, అప్పటికి పాత కాపీలు చెరిపేసి ఉంటారు, తెలిసిన ఇంజినీర్లు వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు మన మాటకు సాక్ష్యం మన దగ్గరున్న కాగితమే.