రెండు నిమిషాల బొమ్మ

మొన్నో సాయంత్రం మా డైనింగ్ టేబుల్ మీద నాలుగు కాగితాలు అప్పడాల్లా ఉబ్బిపోయి కనిపించాయి. ఆకాశం ఉండాల్సిన చోట కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మరకలు. "నాకు చెయ్యి తిరగదులే అమ్మా" అని మా అమ్మాయి ముఖం ముడుచుకుంది.

తను చూసి వేసిన వీడియో నేనూ చూశాను. వాటర్‌కలర్‌తో సూర్యాస్తమయం, రెండు నిమిషాల టైమ్‌లాప్స్. పేరేమో 'మనసుకు హాయినిచ్చే సాయంత్రం'. కింద వివరణలో పాట పేరు, ఓ గుండె బొమ్మ. అంతే! వంట చూపించి బియ్యం ఎన్ని, నీళ్లు ఎన్ని అన్నది చెప్పకపోతే మనం ఊరుకుంటామా?

ఆ ఉబ్బుకి కారణం చెయ్యి కాదు, కాగితం. తను వాడింది మామూలు డ్రాయింగ్ పుస్తకం. కాగితమంతా తడిపి రంగు వదిలే పద్ధతికి 300 జీఎస్ఎమ్ మందం ఉండాలి, అంచులు టేపుతో అట్టకి అంటించాలి. మరకలకి కారణం వేరు. రంగు సగం ఆరినప్పుడు నీళ్ల కుంచె తగిలితే, ఆ నీరు రంగుని పక్కకి నెట్టి పువ్వులా ఆరిపోతుంది. తడి మెరుపు పోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. చేతి వెనకవైపు ఆనించి చూస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. టైమ్‌లాప్స్‌లో ఈ ఆరే సమయమే మాయమైపోతుంది. ఒక పూతకి ఇంకో పూతకి మధ్య గంట గడిచినా మనకి కనురెప్పపాటే.

అందుకే నా పట్టుదల ఒకటే. పేరులో బొమ్మతో పాటు మాధ్యమం, పద్ధతి రాయాలి. 'wet on wet watercolor' అనే మాట తెలియని పిల్ల దాన్ని వెతకలేదు కదా, పేరులో కనిపిస్తేనే నేర్చుకుంటుంది. వివరణలో మొదటి కొద్ది భాగమే బయటికి కనిపిస్తుంది కాబట్టి కాగితం, కుంచె సంగతి అక్కడే ఉండాలి. పాట పేరు అడుగున ఉన్నా ఎవరికీ నష్టం లేదు.

వారం తర్వాత తను మంచి కాగితం మీద మళ్లీ వేసింది. ఈసారి వీడియో తీసి పెట్టింది, వివరణ నేను రాశాను: "కాగితం 300 జీఎస్ఎమ్, నాలుగు వైపులా టేపు. 8 నంబరు గుండ్రటి కుంచె. రంగులు: పసుపు, నారింజ, అల్ట్రామెరైన్ నీలం. 0:40 దగ్గర అరగంట ఆరబెట్టాం, ఆ తర్వాతే చెట్లు. మొత్తం పట్టిన సమయం రెండు గంటలు."

"ఇంత రాస్తే ఎవరు చదువుతారమ్మా?" అంది. చూసి ఊరుకునేవాళ్లు చదవరు, నిజమే. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లు చదువుతారు. పసుపు మీద నీలం తడిగా కలిస్తే ఆకాశం పచ్చబడిపోతుందని, మధ్యలో నారింజ అందుకే వేసిందని కూడా రాయమన్నాను. అది మాత్రం తనే రాసుకుంది.