పెట్టె మీది భాష రాకపోయినా మందు పేరు చదవవచ్చు

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి తోటల ఇళ్ల నుంచి కూడా ఇప్పుడు పిల్లలు జర్మనీకి ఉన్నత చదువులకు వెళ్తున్నారు. ప్రయాణపు పెట్టెలో ఊరగాయ జాడీ పక్కన మాత్రల సంచి తప్పనిసరిగా ఉంటుంది. జ్వరానికి, జలుబుకు, కడుపునొప్పికి తల్లిదండ్రులు అన్నీ సర్ది పంపుతారు. ఆ సంచిలో లేనిది ఒక్కటే: ఆ మాత్రల్లో ఉన్న పదార్థాల పేర్ల పట్ల పరిచయం. మన ఇళ్లలో మందును బ్రాండు పేరుతోనో, రంగుతోనో గుర్తుపెట్టుకుంటాము. ఆ అలవాటు ఇక్కడ ఏదో ఒకలా సాగిపోతుంది. జర్మన్ అక్షరాలతో నిండిన పెట్టె చేతిలోకి వచ్చినప్పుడు మాత్రం అది ప్రమాదానికి దారితీస్తుంది. కష్టమంతా జర్మన్ భాష రాకపోవడమేనని పిల్లలు భావిస్తారు. నా అభిప్రాయంలో అసలు కష్టం మందును దాని సొంత పేరుతో ఎరుగకపోవడం.

నేను చెప్పదలచిన సంగతి స్పష్టం కావడానికి ఒక విద్యార్థిని ఊహించుకోండి. డిసెంబరు చలిలో జ్వరం, ముక్కు దిబ్బడ, ఒళ్లు నొప్పులు పట్టుకున్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న 650 మిల్లీగ్రాముల జ్వరం మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు నాలుగు వేసుకుంటున్నాడు. జలుబు తగ్గలేదని దగ్గరలోని మందుల దుకాణానికి వెళ్లి రెండు పెట్టెలు తెచ్చుకున్నాడు. ఒకటి జలుబు క్యాప్సూళ్లది. రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. రెండవది రాత్రి పడుకునే ముందు 30 మిల్లీలీటర్లు తాగే సిరప్. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి, నిద్ర పట్టడానికి ఒకటి, మొత్తం మూడు వేర్వేరు మందులని అతని లెక్క. ఇలాంటి క్యాప్సూళ్లు, సిరప్‌లు జర్మనీలో వైద్యుని చీటీ లేకుండానే దొరుకుతాయి. వాటి బ్రాండు పేర్లు మనకిక్కడ అనవసరం. చదవవలసింది కూర్పును.

ఇప్పుడు ఆ క్యాప్సూళ్ల పెట్టెను తిప్పి చూద్దాం. ముందువైపు పెద్ద అక్షరాల్లో కనిపించేది వ్యాపారపు పేరు. దానిని వదిలివేయండి. దాని కింద గాని, పక్కవైపున గాని చిన్న అక్షరాల్లో ‘విర్క్‌ష్టోఫ్’ అనే మాట కనిపిస్తుంది. పనిచేసే పదార్థం అని దాని అర్థం. ఒకటి కంటే ఎక్కువ పదార్థాలుంటే ఆ మాట బహువచనంలో ఉంటుంది. దాని తరువాత వచ్చే పేర్లే అసలు మందులు. మన విద్యార్థి కొన్న క్యాప్సూల్‌లో అక్కడ నాలుగు పేర్లున్నాయి: పారాసిటమాల్ 200 మిల్లీగ్రాములు, విటమిన్ సి 150, కెఫీన్ 25, క్లోర్‌ఫెనమిన్ 2.5. మరికొంత కిందికి వస్తే ఇతర పదార్థాల పట్టిక ఉంటుంది. అందులో గెలాటిన్, లాక్టోజ్ వంటివి కనిపిస్తాయి. అవి క్యాప్సూల్ ఆకారానికీ నిలవకూ వాడినవే గాని మందులు కావు. (మాంసాహారం ముట్టని వారు ఆ పట్టికను కూడా చూసుకోవడం మంచిది. గెలాటిన్ జంతువుల నుంచి వస్తుంది.)

ఆ నాలుగు పేర్లు చదవడానికి జర్మన్ భాష అవసరం లేదని గమనించారా? ఇది యాదృచ్ఛికం కాదు. ప్రతి మందు పదార్థానికీ ప్రపంచమంతటా చెల్లే ఒకే పేరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. అలాంటి పేర్ల తొలి జాబితా 1953లో వెలువడింది. పారాసిటమాల్ ఆ విధంగా స్థిరపడిన పేరు. ఇటలీ పెట్టె మీద దాని చివర ఒక ‘ఓ’ చేరుతుంది. రష్యాలో లిపి మారుతుంది, ఉచ్చారణ నిలుస్తుంది. అమెరికా మాత్రం దీనిని అసెటమినోఫెన్ అంటుంది. అక్కడికి వెళ్లే పిల్లలు ఈ ఒక్క పేరును విడిగా గుర్తుంచుకోక తప్పదు. మన దేశంలోనూ ఇలాంటి చిన్న తేడాలున్నాయి. జర్మన్ పెట్టె మీద క్లోర్‌ఫెనమిన్ అని ఉన్నదీ, మన జలుబు మాత్రల మీద క్లోర్‌ఫెనిరమిన్ అని ఉండేదీ ఒకే పదార్థం. పేరు విషయంలో సందేహం వస్తే మరొక ఆధారం ఉంది. ప్రతి పదార్థానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఒక సంకేతం ఉంటుంది. పారాసిటమాల్ ఒంటరిగా ఉన్న మందుకు అది N02BE01. రష్యన్ మందుల కరపత్రాల్లో ఈ సంకేతాన్ని సాధారణంగా ముద్రిస్తారు. లిపి అసలే తెలియని విద్యార్థికి అది పెద్ద ఆసరా.

ఇక లెక్క చూద్దాం. రాత్రి సిరప్ సీసా మీద కూడా ‘విర్క్‌ష్టోఫ్’ దగ్గర చదివితే 30 మిల్లీలీటర్లలో పారాసిటమాల్ 600 మిల్లీగ్రాములు అని కనిపిస్తుంది. ఇంటి మాత్రలు నాలుగు, అంటే 2600. క్యాప్సూళ్లు ఆరు, అంటే 1200. సిరప్ ఒక మోతాదు, 600. అన్నీ కలిపితే 4400 మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజంతటికీ పరిమితి 4000. ఏ ఒక్క పెట్టెనూ అతడు తప్పుగా వాడలేదు. మూడింటి మీద ఉన్న సూచనలనూ అక్షరాలా పాటించాడు. అయినా మొత్తం హద్దు దాటింది. పైగా క్యాప్సూల్‌లోని క్లోర్‌ఫెనమిన్, సిరప్‌లోని డాక్సిలమిన్ రెండూ మత్తు కలిగించేవే. మరునాడు ఉదయం తరగతిలో తూగుతూ కూర్చుంటే అది జ్వరపు నీరసమని అనుకుంటాడు.

ఒక రోజు 4400 మిల్లీగ్రాములు పడినంత మాత్రాన కాలేయం పాడైపోతుందని నేను భయపెట్టబోను. జ్వరంతో తిండి సయించక, మూడు నాలుగు రోజులు ఇదే వరుసలో సాగితేనే నాకు ఆందోళన. పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో ఒక విషపదార్థంగా మారుతుంది. దానిని విరిచివేసే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని కాలేయం నిలవ ఉంచుకుంటుంది. సరిగా తినని వారిలో, బరువు తక్కువగా ఉన్నవారిలో, మద్యం అలవాటున్న వారిలో ఆ నిలవ త్వరగా తరుగుతుంది. దీనిలోని మోసం ఏమిటంటే, తొలి రోజున వికారం తప్ప మరే లక్షణమూ ఉండకపోవచ్చు, ఒక్కొక్కసారి అదీ ఉండదు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం తరువాతి రోజుల్లో గాని బయటపడవు. కనుక హద్దు దాటినట్లు లెక్కలో తేలితే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. మందు ఆపి, వైద్యునికి మొత్తం లెక్క చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఒక్కసారిగా ఎక్కువ మింగినవారికి మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే అది బాగా పనిచేస్తుంది. జర్మనీలో దవాఖానాలు మూసి ఉన్న వేళల్లో వైద్య సలహాకు 116117, ప్రాణాపాయమైతే 112.

ఆ దేశంలో ఈ మందును ఎంత జాగ్రత్తగా చూస్తారో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. పారాసిటమాల్‌ను అక్కడ కిరాణా దుకాణాల్లో అమ్మరు. 2009 నుంచి ఒక పెట్టెలో మొత్తం 10 గ్రాములకు మించి ఉంటే వైద్యుని చీటీ కావాలి. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు చీటీ లేకుండా ఒక పెట్టెకు ఇరవై మాత్రమే. మన పిల్లల పెట్టెల్లో వందలకొద్దీ మాత్రలు వెళ్తుంటాయి.

పదార్థం పేరు తరువాత చూడవలసింది అంకె. ఇక్కడ ఒక చిక్కు పొంచి ఉంది. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలను విడదీయడానికి కామా బదులు చుక్క పెడతారు. నేను పైన 2.5 అని రాసినది ఆ పెట్టె మీద 2,5 అని ఉంటుంది. సన్నని అక్షరాల్లో ఆ కామా కంటికి ఆనకపోతే అది 25 అవుతుంది, పది రెట్లు. అలాగే 1.000 అని ఉంటే అది ఒకటి కాదు, వెయ్యి. రక్తపోటు, థైరాయిడ్ వంటి వాటికి రోజూ మందు వాడే విద్యార్థి ఇంటి చీటీని అక్కడి పెట్టెతో పోల్చేటప్పుడు ఈ చుక్క, కామాల దగ్గర వేలు పెట్టి చదవాలి. థైరాయిడ్ మందు బలం మైక్రోగ్రాముల్లో ఉంటుందని కూడా మరవకూడదు.

భాష అవసరం నిజంగా వచ్చేది ఆ తరువాతే, అదీ కొద్ది మాటలకే. ‘హ్యోష్టెన్స్’ అంటే మించకుండా అని అర్థం. దాని పక్కన రోజుకు నాలుగుసార్లు అని ఉంటే తప్పనిసరిగా నాలుగుసార్లు వేసుకోమని కాదు, అంతకు మించవద్దని. ‘న్యూష్టెర్న్’ అంటే పరగడుపున. వైద్యుడు రాసే 1-0-1 మాత్రం మన దగ్గరి పద్ధతే: ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, సాయంత్రం ఒకటి. మిగిలిన సందేహాలకు దుకాణంలోని ఫార్మసిస్టును అడగాలి. అడిగేటప్పుడు ‘నేను జ్వరానికి మాత్ర వేసుకుంటున్నాను’ అనడం చాలదు. ‘650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ రోజుకు నాలుగు’ అంటే అతడు ఆ జలుబు పెట్టెను అక్కడికక్కడే వెనక్కి తీసుకుంటాడు.

ఇంతవరకు పరదేశంలోని విద్యార్థి గురించి మాట్లాడుకున్నాం. బంగారుపాళ్యంలో ఉన్న అతని తల్లి సంగతి? ఆమె చేతిలోని మాత్రల అట్ట మీద ఉన్నది ఇంగ్లీషు, కొన్నింటి మీద హిందీ. ఆమెకు తన ఊళ్లోనే ప్రతి మందూ పరభాషలో ఉంది. యూరోపియన్ యూనియన్ 2001 నాటి ఔషధ చట్టంలో ప్రతి సభ్యదేశంలోనూ మందుల పెట్టె, కరపత్రం ఆ దేశ అధికార భాషలో ఉండాలని నిర్దేశించింది. అందుకే ఆ పెట్టె మన పిల్లవానికి అర్థం కాలేదు, అందుకే అక్కడి వృద్ధురాలికి అర్థమవుతుంది. మన నిబంధనల్లో తెలుగుకు అలాంటి చోటు లేదు. 2018లో చేసిన సవరణ వల్ల బ్రాండు పేరు కంటే పదార్థం పేరు పెద్ద అక్షరాల్లో ముద్రించవలసి వచ్చింది. అది మంచి పనే గాని, ఆ పెద్ద అక్షరాలు కూడా ఇంగ్లీషువే. పైగా మనం అట్టను కత్తిరించి నాలుగు మాత్రలు కొంటాం. ఆ ముక్క మీద కొన్నిసార్లు పేరు సగమే మిగులుతుంది, గడువు తేదీ దుకాణంలోనే ఉండిపోతుంది. వేలూరు ఆసుపత్రి నుంచి ఆరు రకాల మందులతో తిరిగివచ్చిన వారి సంచిలో ఇలాంటి ముక్కలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఇంట్లో పేరు చదివే అలవాటు లేకపోవడానికి కారణం ఇదే. ఆ ఇంటి నుంచే పిల్లవాడు జర్మనీకి వెళ్తున్నాడు.

చట్టం మారేదాకా మన దుకాణదారులు ఒక పని చేయగలరు. మాత్రలు వేసి ఇచ్చే కాగితపు కవరు మీద ‘పారాసిటమాల్ 650, జ్వరానికి, రోజుకు నాలుగుకు మించకుండా’ అని తెలుగులో రాయడం. దానికి అర నిమిషం కూడా పట్టదు. ఈసారి మందులు కొన్నప్పుడు మీరే కవరు ముందుకు జరిపి రాయమని అడగండి.