రేగడికి సరిచూడని సెన్సర్

నల్లరేగడిలో బావి కింద మిరప వేసే చిన్న రైతుకు, డిప్లొమా విద్యార్థి తయారుచేసే తేమ సెన్సర్ పనికొస్తుంది. అయితే చౌకగా దొరికినందుకు కాదు, ఆ నేలకు సరిచూసి పెట్టినప్పుడే. రెండు లోహపు పుల్లల మధ్య కరెంటు పంపే రకం తడిలో త్వరగా తుప్పు పడుతుంది. పూత ఉన్న కెపాసిటివ్ రకం మేలు. కానీ రేగడి ఎండితే బీటలు వారుతుంది. సెన్సర్ పక్కన ఆ సందులో గాలి చేరితే, వేళ్ల దగ్గర తేమ ఉన్నా అది పొడి అనే చెబుతుంది, మోటారు ఆగదు. నీరు పారినా అంకె కదలడం లేదంటే ముందు చూడాల్సింది ఆ సందునే.

సరిచూడడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. సెన్సర్ అంకె రాసుకుని, అక్కడి మట్టి 100 గ్రాములు తీసి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టాలి. 80 గ్రాములు మిగిలితే, పోయిన 20ని 80తో భాగిస్తే తేమ 25 శాతం. తడి నుంచి పొడి దాకా నాలుగైదు నమూనాలతో ఇలా చేస్తే అంకెలకు అర్థం వస్తుంది. ఇంత శ్రమెందుకు, టైమర్ చాలదా అనేవారున్నారు. వాన పడిన మర్నాడు కూడా టైమర్ నీరు పెడుతుంది, చాలదు. అలాగని దాన్ని తీసేయడమూ తప్పే. సెన్సర్ ఏం చెప్పినా, గరిష్ఠ సమయం దాటగానే మోటారును ఆపాల్సింది అదే. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ సమయం లెక్క సున్నా నుంచి మొదలవకుండా బోర్డు మెమరీలో దాచాలి.