గేటు వేయండి, కానీ బయట మిగిలిన పిల్ల సంగతీ రాయండి

ప్రిన్సిపల్ మేడమ్ గారికి,

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మీ నోటీసు వచ్చింది. బుధవారం పొద్దున అదే గేటుకు అంటించి ఉంది. సాయంత్రానికి జిరాక్సు కాపీ పిల్లల డైరీల్లోకి చేరింది, కింద మా సంతకానికి ఒక గీత. సంతకం పెట్టి పంపాను. పెట్టకపోతే మర్నాడు మా అమ్మాయిని బెంచీ ఎక్కిస్తారేమోనన్న భయంతోనే పెట్టానని మీకూ తెలుసు.

ముందే ఒక మాట. మీరు పెట్టిన నిబంధనలతో నాకు పేచీ లేదు. గేటు 8:30కి వేయాలి, ఫీజు పదో తారీకు లోపు కట్టాలి, కార్డు లేకుండా పిల్లను ఎవరి చేతికీ ఇవ్వకూడదు, సెల్‌ఫోన్ తేకూడదు. అన్నీ ఒప్పుకుంటాను. నా బాధంతా అవి రాసిన తీరు గురించే. తీరుదేముందిలే, విషయం ముఖ్యం అంటారేమో. నేనూ ఒక ప్రభుత్వాఫీసులో నోటీసులు తయారుచేసే సీట్లోనే కూర్చుంటాను. మా నోటీసు రేపు ఫైలుతో పాటు కోర్టుకు వెళ్లినా వెళ్లొచ్చు. అందుకే ప్రతి వాక్యం మా మీదికి ఏదీ రాకుండా చూసుకుని రాస్తాం. మీ నోటీసు కోర్టుకు వెళ్లదు. మిర్చి యార్డుకు తెల్లవారుజామునే వెళ్లిపోయిన కోడలి బదులు మనవరాలికి జడలు వేసి, బాక్సు సర్ది, ఆటో ఎక్కించే నాయనమ్మ దగ్గరికి వెళుతుంది. ఆవిడకు కావలసింది రేపు పొద్దున ఏం చేయాలో తెలియడం.

మీ మొదటి నిబంధనే చూడండి. ‘ఉదయం 8:30 గంటల తదుపరి గేటు మూసివేయబడును. ఆలస్యముగా వచ్చు విద్యార్థులు ఎట్టి పరిస్థితులలోను లోనికి అనుమతింపబడరు. తల్లిదండ్రులు స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చిన పిదప మాత్రమే తరగతికి పంపబడుదురు. తదనంతర పరిణామములకు యాజమాన్యము బాధ్యత వహించదు.’ (ఏటా ఆగస్టు 29న గిడుగు వారి ఫొటోకు దండ వేసి వాడుక భాష గురించి పిల్లలతో ఉపన్యాసాలు చెప్పించేదీ ఈ స్కూలే.)

ఇది చదివాక నాకు గేటు ఎప్పుడు వేస్తారో తెలిసింది. గేటు బయట మిగిలిపోయిన పిల్ల ఎక్కడ నిలబడుతుందో తెలియలేదు. మాకు ఫోన్ ఎవరు చేస్తారు? అసలు చేస్తారా? తల్లీతండ్రీ ఇద్దరూ పనిలో ఉంటే తాతగారు వచ్చి చెబితే సరిపోతుందా? సంజాయిషీ ఎవరికివ్వాలి, మీకా, క్లాస్ టీచర్‌కా, గేటు దగ్గర వాచ్‌మన్‌కా?

ఇవి ఊహించి అడుగుతున్న ప్రశ్నలు కావు. మంగళవారం పొద్దున గూడ్సు బండి కోసం రైల్వే గేటు వేశారు. మా వీధి ఆటో స్కూలుకొచ్చేసరికి మీ గేటు పడిపోయింది. ఆటో అతనికి ఇంకో స్కూలు పిల్లలున్నారు, దింపేసి వెళ్లిపోయాడు. నలుగురు పిల్లలు రోడ్డు వార మురుగుకాలువ పలక మీద బ్యాగులు పెట్టుకుని నిలబడ్డారు. అందులో ఒకటో తరగతి పాప ఒకతి. ఇస్త్రీ బండి ఆవిడ ఆ పాప డైరీలో నంబరు చూసి వాళ్లమ్మకు ఫోన్ చేసింది. స్కూలు నుంచి ఎవరికీ ఫోన్ రాలేదు. మేం గ్రూపులో అడిగాం. దానికి జవాబుగా ఆ రాత్రి వచ్చిందే ఈ నోటీసు.

అందుకని నేను కూర్చుని మీ నోటీసును మళ్లీ రాశాను. నిబంధన మార్చలేదు, టైము మార్చలేదు, రూపాయి తగ్గించలేదు. మొదటిది ఇలా వచ్చింది:

‘ఉదయం 8:30కి ప్రార్థన మొదలవుతుంది, అప్పుడే గేటు వేస్తాం. ప్రార్థన జరుగుతున్నంతసేపూ టీచర్లందరూ గ్రౌండులో ఉంటారు కాబట్టి గేటు దగ్గర పిల్లల్ని చూసుకునేవాళ్లు ఉండరు. దయచేసి 8:20కల్లా పిల్లలు లోపల ఉండేలా పంపండి. 8:30 దాటి వస్తే, ఇంటి నుంచి పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి ఆఫీసు రిజిస్టరులో కారణం రాసి సంతకం పెట్టాకే క్లాసుకు పంపుతాం. ఆటోలోనో బస్సులోనో ఒంటరిగా వచ్చిన పిల్లల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, వెంటనే మీకు ఫోన్ చేస్తాం.’

చూడండి మేడమ్, గేటు వేసే టైము అదే. పెద్దవాళ్లు వచ్చి కారణం చెప్పాల్సిందే. కానీ మర్యాదగా రాయబోయేసరికి రెండు ఖాళీలు బయటపడ్డాయి: పిల్ల ఎక్కడుంటుంది, ఫోన్ ఎవరు చేస్తారు. మీ నోటీసులో ఆ రెండూ ఉండాల్సిన చోట ‘ఎట్టి పరిస్థితులలోను’, ‘బాధ్యత వహించదు’ కూర్చున్నాయి. గద్దించి రాస్తే ఈ సౌకర్యం ఒకటుంది, రాసేవాళ్లు తమ వైపు పని చెప్పకుండా దాటేయొచ్చు. ఎదుటివాళ్లతో మాట్లాడుతున్నట్టు రాయబోతే అలా కుదరదు. ‘మీరిది చేయండి’ అన్నాక ‘మేమిది చేస్తాం’ అనకపోతే ఆ వాక్యం మీకే వెలితిగా అనిపిస్తుంది.

మెత్తగా రాస్తే ఎవరూ లెక్కచేయరని మీరు పోయిన మీటింగులో అన్నారు. అందులో నిజం లేకపోలేదు. నా కాగితం చూసి ఒక తండ్రి ‘8:20కల్లా’ ముందు ‘వీలైనంత వరకు’ అని చేరుద్దామన్నాడు. పక్కనున్నాయన వెంటనే, ‘అయితే ముప్పావుకు వెళ్లినా ఫర్వాలేదన్నమాట’ అన్నాడు. ఆ మాట తీయించేశాం. ‘ప్రయత్నించగలరు’, ‘సాధ్యమైతే’ లాంటివి పడ్డ చోటల్లా నిబంధన జారిపోతుంది. టైము, తారీకు, రూపాయలు, దాటితే ఏమవుతుందో చెప్పే వాక్యం, ఈ నాలుగూ గట్టిగానే ఉండాలి. మార్చాల్సింది వాటి చుట్టూ ఉన్నదాన్ని. కొత్త నోటీసు సరిగా వచ్చిందో లేదో చూడాలంటే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకెల కింద పెన్సిలుతో గీతలు కొట్టుకుంటూ పోతే చాలు. పాతదాంట్లో ఉన్న ఏ అంకె కొత్తదాంట్లో కనిపించకపోయినా మనం రూలు మార్చేసినట్టే. నేను కొట్టి చూశాను. అన్నీ ఉన్నాయి, పైగా పది నిమిషాల ముందే రమ్మన్న 8:20 ఒకటి చేరింది.

కార్డు సంగతి. ‘గుర్తింపు కార్డు చూపనిదే విద్యార్థి ఎవరికీ అప్పగించబడడు. సిబ్బందితో వాదనకు దిగినచో పోలీసులకు తెలియజేయబడును.’ ఇది నోటీసు మొత్తంలో అన్నిటికన్నా మంచి నిబంధన. దానికే అన్నిటికన్నా చెడ్డ వాక్యం పడింది. పిల్ల క్షేమం కోసం పెట్టిన రూలు చదివి, పిల్లను కన్నవాళ్లే తమను తాము నేరస్తుల్లా చూసుకోవాల్సి వచ్చింది. నేను రాసింది ఇది:

‘సాయంత్రం 4:15కి పాపను గానీ బాబును గానీ తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు స్కూలు ఇచ్చిన కార్డు చూపించాలి. అమ్మానాన్నలైనా సరే, కార్డు చూడందే పంపం. మా ఆయాకు మీ అందరి ముఖాలూ గుర్తుండవు, ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు తెలియని మనిషి కూడా అదే అడుగుతాడు. కార్డు మరిచిపోతే గేటు దగ్గర ఆగకుండా ఆఫీసుకు రండి. అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, సరిచూసుకుని, రిజిస్టరులో సంతకం తీసుకున్నాకే పంపుతాం. కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.’

చివరి భాగం నేను కల్పించింది కాదు. కార్డు మరిచిపోయి వచ్చినవాళ్ల విషయంలో మీ ఆఫీసు ఇప్పటికే చేస్తున్నది అదే, నేను చూశాను. మంచి పని చేస్తూ దాన్ని నోటీసులో దాచి, పోలీసుల పేరు మాత్రం ఎందుకు పెట్టారు? ఆ రూలు ఎందుకుందో ఒక్క వాక్యంలో చెబితే, మరిచిపోయి వచ్చిన తాతగారు ఆయాతో గొడవపడరు. ఆ గొడవ రోజూ పడేది ఆయాయే కదా, మీరు కాదు.

సెల్‌ఫోన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తీసుకుంటామన్నారు, తీసుకోండి. ఏడాది చివర ఇస్తామన్నారు, అలాగే ఇవ్వండి. తీసుకున్నట్టు ఒక చీటీ రాసి ఇస్తామని చేర్చానంతే.

ఫీజు దగ్గర మాత్రం నా చేయి ఆగిపోయింది. పదో తారీకు, ఆ తర్వాత రోజుకు 20 రూపాయల చొప్పున అపరాధ రుసుము, ఇంతవరకు మర్యాదగా రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఉన్నవాళ్లు పదో తారీకు లోపే అకౌంటెంట్‌తో మాట్లాడుకోవాలని చేర్చాను. కానీ దాని కింద మీరు రాసినది, ‘బకాయి గల విద్యార్థుల పేర్లు తరగతి గదిలో చదవబడును’. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా మర్యాద రాలేదు. ‘మీ సహకారం కోసం మీ పాప పేరు క్లాసులో చదువుతాం’ అని రాస్తే ఇంకా ఘోరంగా ఉంది. ఎలా రాసినా బాగుపడని వాక్యం కనబడిందంటే తప్పు రాతలో లేదని అర్థం. ఫీజు కట్టాల్సింది మేము, తలవంచుకునేది తొమ్మిదేళ్ల పిల్లా? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఒక్క వాక్యాన్ని నా కాగితంలోకి తేలేదు. దాన్ని నిబంధన కింద నేను లెక్కపెట్టలేదు, మీరు లెక్కపెడితే చెప్పండి.

ఇంకో సందేహం. రోజూ ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎవరో మీ రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. వాళ్లను పిలిచి మాట్లాడకుండా, ఎన్నడూ ఆలస్యం కానివాళ్లందరినీ కలిపి గద్దించడం దేనికి? బూట్లు ఫలానా కొట్లోనే కొనాలన్నప్పుడూ, వార్షికోత్సవం డ్రెస్సులకు డబ్బు అడిగినప్పుడూ, వేసవి సెలవులకు కూడా బస్సు ఫీజు వేసినప్పుడూ ఇదే గొంతు. అప్పుడూ మేం ఏమీ అనలేదు. అందుకే ఈ గొంతు అలవాటైపోయిందా? మీ టీచర్లకు మీరు పంపే సర్క్యులర్లు కూడా ఇలాగే ఉంటాయా? వాళ్లు మా పిల్లలతో మాట్లాడే తీరు అక్కడి నుంచే వస్తోందా?

నేను రాసిన కాగితం తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ, ఆఫీసులో ఇచ్చాను. అకౌంటెంట్ గారు తీసుకున్నారు, ‘మేడమ్‌కు ఇస్తాను’ అన్నారు. మీకు చేరిందో లేదో తెలియదు. అదే అంటించమని నేననను, మీ పద్ధతిలో మీరు రాసుకోండి. పనికిరాదనుకుంటే అదైనా చెప్పండి. మాతో ఏదో ఒకటి మాట్లాడండి. ఈలోగా గూడ్సు బండ్లు వస్తూనే ఉంటాయి. రేపు మళ్లీ రైల్వే గేటు పడితే ఆ ఒకటో తరగతి పాప ఎక్కడ కూర్చోవాలో ముందు వాచ్‌మన్‌కైనా చెప్పి ఉంచండి.

ఇట్లు,
నాలుగో తరగతి బి సెక్షన్ విద్యార్థిని తల్లి