డిస్ట్రిబ్యూటరుకి "జస్ట్ ఫాలోయింగ్ అప్" అని రాస్తే ఏమొస్తుంది?

మా టీములో ఒకతను రాజమండ్రిలో అత్తగారి వాళ్ళు చేసే జంతికలకి ఓ బ్రాండు పేరు పెట్టి, విజయవాడ, గుంటూరు డిస్ట్రిబ్యూటర్లకి పంపడానికి నాలుగు మెయిళ్ళు తయారు చేసుకున్నాడు. మొదటి దాంట్లో అమ్మమ్మ, రోకలి, సంప్రదాయం. రెండోది "నా మెయిల్ చూశారా?". మూడోది "మళ్ళీ గుర్తు చేస్తున్నాను". నాలుగోది "ఇదే ఆఖరు". మనకి రోజూ ఏదో ఒక టూల్ అమ్మాలని చూసేవాళ్ళు రాసే వరసే ఇది.

నా మటుకు నాకు ఇది ఇక్కడ పనికిరాదనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటరు మన జంతికలు తినడు, వాటిమీద డబ్బు పెడతాడు. కొత్త బ్రాండు అనగానే అతనికి గుర్తొచ్చేది రుచి కాదు, కిందటేడు ఎవరో అంటగట్టి వెళ్ళిపోతే గోడౌన్లో మూలపడ్డ పెట్టెలు.

అతని లెక్క ఒకసారి వేసి చూడండి. ఎమ్మార్పీ 50 రూపాయల ప్యాకెట్టు అనుకుందాం. షాపువాడికి 40కి, డిస్ట్రిబ్యూటరుకి 36.50కి ఇస్తే (రెండూ జీఎస్టీతో కలిపే, ప్యాక్ చేసిన నమ్కీన్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది) మధ్యలో మిగిలేది 3.50. పన్ను పోగా 3.33. పెట్టెకి 40 ప్యాకెట్లు, మొదటి ఆర్డరు 25 పెట్టెలు అంటే 1,000 ప్యాకెట్లు, 36,500 పెట్టుబడి. అన్నీ అమ్మితే వచ్చేది 3,300 చిల్లర.

ఇప్పుడు అందులో 50 ప్యాకెట్లు తేదీ దాటి షాపుల నుంచి వెనక్కొచ్చాయనుకోండి. కంపెనీ తీసుకోకపోతే వాటి కొనుగోలు ధర 1,825 అతని నెత్తినే. మిగతా 950 మీద వచ్చిన 3,160లో అది పోతే 1,300 పైచిలుకు. ఆటో, సేల్స్‌మాన్ జీతం అందులోంచే రావాలి. నూటికి అయిదు ప్యాకెట్లు వెనక్కొస్తేనే కథ ఇలా ఉంటే, అమ్మమ్మ కథ ఎవరిక్కావాలి?

అందుకని ఒక్కో మెయిలూ అతని భయాల్లో ఒకదాన్ని తీర్చాలి. చెప్పడానికి కొత్త సంగతి లేకపోతే ఆ మెయిల్ పంపొద్దు, అంతే.

మొదటిది ఎనిమిది లైన్లు చాలు. ఏం సరుకు, ఎన్ని గ్రాములు, పై మూడు ధరలు, పెట్టెకెన్ని, ఎన్ని నెలలు నిలవుంటుంది, FSSAI లైసెన్సు నంబరు, మీ ఏరియాలో ఇంకెవరికీ ఇవ్వలేదన్న మాట. సబ్జెక్టు లైన్లో "గుంటూరు ఏరియాకి జంతికలు, ఎమ్మార్పీ 50, మీ ధర 36.50" అనే ఉండాలి. చాలాచోట్ల మెయిల్ తెరిచేది ఓనరు కాదు, అకౌంటెంటు. అతను ఆ ఒక్క లైనే ఓనరుకి చదివి వినిపిస్తాడు. ఎనిమిది ఎంబీల పీడీఎఫ్ క్యాటలాగు ఫోన్లో ఎవరూ తెరవరు.

నాలుగైదు రోజులాగి అదే థ్రెడ్‌లో రెండోది, పూర్తిగా వాపసు గురించి. "తేదీకి 30 రోజుల ముందు చెబితే కొత్త సరుకుతో మార్చి ఇస్తాం, నలిగినవి కూడా, తెచ్చే ఖర్చు మాదే". నిజంగా చేయగలిగితేనే రాయాలి సుమా, ఒకసారి మాట తప్పితే ఆ ఊళ్ళో కబురు మెయిలు కన్నా ముందు వెళుతుంది.

మూడోది రాసేముందు రెండు మూడు వారాలు సొంతంగా ఓ పది కిరాణా షాపుల్లో సరుకు పెట్టి చూడాలి. ఎన్ని పెట్టాం, ఎన్ని పోయాయి, ఏ షాపు రెండోసారి అడిగింది. ఇవి పేర్లతో రాస్తే డిస్ట్రిబ్యూటరు తన సేల్స్‌మాన్‌తో ఒక్క ఫోన్ చేయించి తేల్చుకుంటాడు. రెండోసారి ఎవరూ అడక్కపోతే మూడో మెయిల్ ఆపి జంతికల సంగతి చూసుకోవాలి :)

ఎవరికి పంపాలన్నది కూడా ఉంది. జంతికల ప్యాకెట్టులో సగం నైట్రోజనే కదా, డబ్బు నిండకముందే ఆటో నిండిపోతుంది. ఇప్పటికే చిప్స్ వేసేవాడికి బండిలో చోటుండదు. అగ్గిపెట్టెలు, సబ్బులు, బిస్కెట్లు వేసేవాడి బండి పైన ఖాళీ ఉంటుంది, పైగా వెళ్ళేది అవే షాపులకి. లిస్టు తయారు చేసేటప్పుడు మావాడు ఇదొక్కటీ చూడలేదు, "స్నాక్స్" అని వెతికి దొరికిన 600 అడ్రసులూ వేసేశాడు.

ఆ 600కీ కొత్త డొమైన్ నుంచి ఒకే రోజు కొడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. SPF, DKIM, DMARC పెట్టినా సరే, ముక్కూమొహం తెలియని డొమైన్ కాబట్టి స్పామ్‌లోకే. రోజుకి పదిహేను, ఇరవై, ఒక్కోటీ చేత్తో రాసినట్టు. జవాబొచ్చిన వెంటనే ఆ మనిషిని సీక్వెన్సు నుంచి తీసేయాలి. "శాంపిల్ పంపండి" అన్నాయనకి మర్నాడు "నా మెయిల్ చూశారా?" అని వెళ్ళిందో, ఇక అంతే సంగతులు.

ఇక నాలుగోది. "ఇదే ఆఖరు" అన్న బెదిరింపు తీసేసి, "25 కాదు, 5 పెట్టెలతో మొదలెట్టండి, 7,300 రూపాయలు, అమ్ముడుపోయాకే డబ్బివ్వండి" అని రాయమన్నాను. మావాడింకా ఆలోచిస్తున్నాడు, అప్పుగా ఇవ్వాలంటే అత్తగారిని ఒప్పించాలట.