రెండో ప్యాకెట్టే అసలు లెక్క

‘ఈ చెక్కలు ప్యాకెట్లు కట్టి అమ్మొచ్చుగా వదినా!’ అంటే పొంగిపోయి 200 ప్యాకెట్లు ఒకేసారి కొట్లకు పంచాను. నెల తిరక్కుండానే సగం వెనక్కొచ్చాయి. పల్చటి కవర్లలో చెక్కలు మెత్తబడి నూనె కంపు కొట్టాయి. ప్లాను కాగితం మీద ఎందుకు రాసుకోవాలో అప్పుడు తెలిసింది.

ఈసారి రెండు నెలల ముందే మొదలుపెట్టాను. తేమ చొరని మందపాటి కవర్లలో ఎనిమిది ప్యాకెట్లు కట్టి, వారానికొకటి విప్పి చూశాను. ఏడోవారం వాసన మారింది. అందుకే లేబుల్ మీద గడువు 30 రోజులే వేయించాను. ఈలోగా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరూ తెచ్చుకున్నాను.

అమ్మకం ఐదు కొట్లతోనే ఆరంభించాను. కొట్టుకు పది ప్యాకెట్లు, రుచి చూడటానికి కాసిని చెక్క ముక్కలు, అంతే.

చాలామంది ప్లాను ఇక్కడితో ముగిస్తారు. నన్నడిగితే సగం పని ఆ తర్వాతే. మొదటి ప్యాకెట్ మొహమాటానికైనా కొంటారు, రెండోది రుచికే కొంటారు. ప్రతి శనివారం వెళ్లి ఎన్ని మిగిలాయో రాసుకున్నాను. మూడు కొట్లు మళ్లీ తెప్పించుకున్నాయి. నాలుగో కొట్లో దండను ఎండ తగిలేచోట వేలాడదీశారు, నూనె పాడవదూ! లోపలికి మార్పించాను. ఐదోది బడి పక్కన. పిల్లల చేతిలో ఉండేది పది రూపాయలే, నా ప్యాకెట్ నలభై! చిన్న ప్యాకెట్ వేశాను.

ఇవేవీ రుచిలో లోపాలు కావు. ఆ శనివారాలు లేకపోతే మాత్రం చెక్కలే బాగోలేవనుకుని పొయ్యి ఆర్పేసేదాన్ని.